రమజాన్‌లో ఉద్యోగి దినచర్య

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై శాంతి శుభాలు వర్షించుగాక!

విశ్వాస సోదరులారా! ఈ 2026 ఫిబ్రవరి మూడో వారంలో మనం రమజాన్ నెలవంక కోసం ఎదురుచూడబోతున్నాము. ఉపవాస ఘనతను గూర్చి ఇదే మింబరు నుండి అనేక మార్లు విన్నాము. నేడు ఉద్యోగం చేస్తూ రోజా పాటించే వ్యక్తి దినచర్యను గూర్చి ఆలోచిద్దాము. ఎందుకంటే మనలో అనేకుల రోజాను దెబ్బతీస్తున్నది ఆకలి కాదు, నిద్ర.

జరుగుతున్నదేమిటి? తరావీహ్ ముగియగానే మిత్రులతో హోటలు ముందు నిలబడతాము. హలీమ్, ఆపైన ఇరానీ చాయ్, ఆపైన కబుర్లు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మళ్ళీ నాలుగున్నరకు ఎవరు లేస్తారని అప్పుడే అన్నం తిని పడుకుంటాము. కళ్ళు తెరిచేసరికి సూర్యుడు ఉదయించి ఉంటాడు. సున్నత్ అయిన సహరీ పోయింది, ఫర్జ్ అయిన ఫజ్ర్ పోయింది.

ఇషాకు ముందు నిద్రను, ఇషా తరువాత కబుర్లను దైవప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదని హజ్రత్ అబూ బర్జా (రజి) తెలిపారు. ఆయన సహరీకి, ఫజ్ర్ నమాజుకు నడుమ సుమారు యాభై ఆయతులు పఠించేంత వ్యవధి మాత్రమే ఉండేదని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తెలిపారు. అంటే సహరీకి తగిన వేళ రాత్రి చివరి భాగమే గాని, నడిరేయి కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. హైదరాబాదులో ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు రాసే సోదరుడున్నాడనుకుందాము. అతని పనివేళలు తొమ్మిదిన్నర నుండి ఐదున్నర వరకు. నెల ఆరంభంలో మన నగరంలో ఫజ్ర్ వేళ సుమారు 5:28కి ప్రవేశిస్తుంది, సూర్యాస్తమయం సుమారు 6:20కి. అతడు తరావీహ్ ముగించుకొని పది గంటలకు ఇల్లు చేరి, పదింబావుకు పడుకోవాలి. నాలుగున్నరకు లేస్తే ఆరుంబావు గంటల నిద్ర దక్కుతుంది. రెండు రకాతుల తహజ్జుద్ చదివి, 4:50కి సహరీకి కూర్చొని, 5:20కల్లా ముగించవచ్చు. మస్జిదులో ఫజ్ర్ చదివి వచ్చి, ఏడున్నర వరకు మరొక గంట పడుకోవచ్చు. ఈ రెండో నిద్రను మొదటి నిద్రకు ప్రత్యామ్నాయంగా భావించరాదు. ఒంటిగంటకు పడుకున్నవాడిని ఈ గంట నిలబెట్టలేదు.

తరావీహ్ తరువాత చాయ్ మానడం ఈ దినచర్యకు ప్రాణం వంటిది. ఆ చాయ్ పదింబావు నిద్రను పన్నెండుకు నెట్టివేస్తుంది. రోజుకు ఐదారు కప్పులు అలవాటైనవారికి మొదటి రోజాలలో తలనొప్పి వస్తుంది. అది చాలావరకు చాయ్ ఆగినందువల్లనే. షాబాన్‌లో మిగిలిన ఈ కొద్ది రోజులలోనే రోజుకొక కప్పు తగ్గించుకుంటూ రావాలి.

ఇక కార్యాలయం. కూడికలు, సరిచూడడం వంటి మెలకువ అవసరమైన పనులను మధ్యాహ్నానికి ముందే ముగించాలి. నాలుగు గంటల తరువాత తప్పులు దొర్లడం ఎక్కువ. అప్పటికి కాగితాలు సర్దడం వంటివి మిగుల్చుకోవాలి. భోజన విరామం మనదే. అందులో పదిహేను నిమిషాలు జుహ్ర్‌కు, ఇరవై నిమిషాలు ఖైలూలాకు చాలును. అస్ర్‌కు పది నిమిషాల అనుమతి ముందుగానే అడిగి ఉంచాలి. అయితే జీతం తీసుకొనే వేళలో ఖుర్ఆన్ తెరిచి కూర్చోవడం, పనిని పక్క సోదరునిపై వదలడం పుణ్యకార్యం కానేరదు. ఆ సమయం యజమాని అమానత్. 2025 రమజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం తన ముస్లిం ఉద్యోగులను సాయంత్రం 4 గంటలకే వెళ్ళనిచ్చింది. అటువంటి సడలింపు పొందినవారు ఆ గంటను బజారులో ఖర్చు చేస్తే అనుమతి ఉద్దేశమే దెబ్బతింటుంది. అది ఖుర్ఆన్ పారాయణానికి అనువైన గంట.

ఐదున్నరకు బయలుదేరేవారు సంచిలో మూడు ఖర్జూరాలు, నీళ్ళ సీసా ఉంచుకోవాలి. ఇఫ్తార్‌కు ఇల్లు చేరాలనే ఆత్రంలో బండి వేగం పెంచడం కంటే దారిలో ఆగి, రోజా విప్పి, దగ్గరి మస్జిదులో మగ్రిబ్ చదవడం మేలు.

మరొక విషయం. నెల సాగేకొద్దీ తెల్లవారుజాము ముందుకు జరుగుతుంది. మార్చి 18 నాటికి ఫజ్ర్ వేళ సుమారు 5:10కే ప్రవేశిస్తుంది. మొదటి రోజున పెట్టిన అలారాన్ని మార్చనివాడు చివరి దశకంలో అజాన్ వింటూ ముద్ద మింగవలసి వస్తుంది. కాబట్టి ప్రతి జుమా నాడు మస్జిదు పట్టిక చూసి, అలారాన్ని ఐదారు నిమిషాలు వెనక్కి జరుపుకోవాలి. ఆ మేరకు పడక వేళనూ జరుపుకోవాలి. లైలతుల్ ఖద్ర్‌ను వెదికే బేసి రాత్రులకు సెలవు దొరికినవారు మర్నాటికి ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. సెలవు దొరకనివారు తొమ్మిదిన్నరకే పడుకొని, రెండున్నరకు లేచి, సహరీ వరకు ఆరాధనలో గడపవచ్చు. ఆ రోజు తరావీహ్ రకాతులను ఆ వేళకే వాయిదా వేసుకోవచ్చు, అది కూడా రాత్రి నమాజు వేళే.