ఉపయుక్త గ్రంథసూచి – వరుస తప్పిన అంచులు

భద్రాచలం ఏజెన్సీలోని కొండరెడ్ల మీద పరిశోధన చేసేవారు హైమండార్ఫ్ 1945లో వెలువరించిన 'ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' గ్రంథాన్ని తప్పక పేర్కొంటారు. రచయిత పేరు, గ్రంథం పేరు, ప్రచురణకర్త వివరాలన్నీ కలిస్తే ఒక వరుసలో పట్టవు. మొదటి వరుస అంచున మొదలై, మిగతావి అర అంగుళం లోపలికి జరగాలి. చాలామంది ఎంటర్ కొట్టి, స్పేస్‌బార్‌తో ఆ జాగా నింపుతారు. ఇంట్లో సరిగ్గానే కనిపిస్తుంది. ఖమ్మంలో ప్రింటు తీసే చోట ఫాంటు మారితే వరుసలు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి.

వర్డ్‌లో Ctrl+Shift+8 నొక్కితే దాగిన గుర్తులు బయటపడతాయి. చుక్కలు స్పేస్‌లు, బాణాలు ట్యాబ్‌లు. ఒక్కో గ్రంథం వివరాల చివర మాత్రమే పేరా గుర్తు ఉండాలి. మధ్యలో ఉన్నవి తీసేసి, అక్కడ ఒక్క స్పేస్ ఉంచండి.

తర్వాత జాబితా అంతా ఎంచుకుని, Ctrl+Q తో పాత పేరా అమరికలు తుడిచి, Ctrl+T నొక్కండి. అన్నిటికీ అర అంగుళం ఒకేలా వస్తుంది. పేరాల మధ్య ఎడానికి ఖాళీ ఎంటర్లు వద్దు. Paragraph పెట్టెలో Before 0, After 6 పెట్టండి. మీ విశ్వవిద్యాలయ నిబంధన వేరేగా ఉంటే ఆ అంకెలే వేయండి.

ఇంకా పదాల మధ్య ఖాళీలు సాగినట్టుంటే కారణం రెండు అంచులూ సమం చేసే Justify. ఎడమ అంచుకు మార్చితే సర్దుకుంటుంది.