ప్రవేశ పట్టికలో మీ బిడ్డ పేరు

(ఒక ప్రభుత్వ ఉర్దూ ఉన్నత పాఠశాలలో 2025-26 విద్యా సంవత్సరపు తొలి తల్లిదండ్రుల సమావేశంలో కొత్తగా బాధ్యతలు స్వీకరించిన ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

బడి తెరిచిన వారంలోనే, కూలి పనులు, దుకాణాలు వదులుకొని ఇంతమంది వచ్చారు. ముఖ్యంగా తల్లులు ఎక్కువగా వచ్చారు. 

ముందుగా నా గురించి నాలుగు మాటలు. నేను ఈ నెలలోనే బదిలీపై ఈ పాఠశాలకు వచ్చాను. గణితం బోధిస్తాను. ఉపాధ్యాయ వృత్తిలో ఇరవై నాలుగేళ్లు గడిచాయి. మా నాన్నగారు దర్జీ. పదో తరగతి వరకు నేను ఇటువంటి ఉర్దూ మాధ్యమ పాఠశాలలోనే చదివాను; తెలుగు బజారులో నేర్చుకొని, తర్వాత పుస్తకాల్లో సరిచేసుకున్నాను. గత ఎనిమిదేళ్లు నేను పనిచేసిన పాఠశాలలో పాఠాలతోపాటు మరొక పని కూడా నా చేతిలో ఉండేది. ప్రవేశ పట్టికను, అంటే మీరందరూ అడ్మిషన్ రిజిస్టర్ అని పిలిచే పుస్తకాన్ని నిర్వహించడం, పదో తరగతి విద్యార్థుల నామినల్ రోల్స్ తయారుచేయడం. చదువు, క్రమశిక్షణ, పరీక్షల గురించి మాట్లాడుకోవడానికి ఈ ఏడాది ఇంకా సమావేశాలున్నాయి. ఈ మొదటి రోజున ఆ పుస్తకం గురించే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. ఎందుకంటే, దానికి గడువులున్నాయి. అవి దాటితే తిరిగి రావు.

ఆ పుస్తకంలో ప్రతి బిడ్డకూ ఒక వరుస ఉంటుంది. అందులో నాలుగు గడులు మన పిల్లల విషయంలో తరచూ తప్పుతున్నాయి: బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కులం. ఒకటో తరగతిలో చేర్చిన రోజున రాసిన ఆ వరుసే టీసీతోపాటు ఒక బడి నుంచి మరొక బడికి నడుస్తుంది. పదో తరగతిలో నామినల్ రోల్‌లోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి మార్కుల మెమోలో అచ్చవుతుంది. ఆ తర్వాత జీవితాంతం ఏ కార్యాలయానికి వెళ్లినా మొదట అడిగేది ఆ మెమోనే.

ఇది ఎలా జరుగుతుందో ఒక అమ్మాయి విషయంలో చెబుతాను. అసలు పేరు చెప్పను, రేష్మా అనుకుందాం. ఆమె 2008 సెప్టెంబరు 14న ప్రభుత్వాసుపత్రిలో పుట్టింది. జననం పురపాలక సంఘంలో నమోదైంది. కానీ అప్పటికి పేరు పెట్టలేదు గనుక ధ్రువపత్రంలో పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ కాగితాన్ని ఇంట్లో భద్రంగా దాచారే గాని, పేరు చేర్పించాలని ఎవరికీ తోచలేదు. 2013 జూన్‌లో బడిలో చేర్చినప్పుడు, ఐదేళ్లు నిండినట్టు కనబడాలని అక్కడివారు పుట్టిన తేదీని జూన్ 1గా వేశారు. పాత పట్టికలు తిప్పి చూడండి. సగం ఊరు జూన్ 1నే పుట్టినట్టు కనిపిస్తుంది. పేరు గడిలో ‘ఎస్.కె. రేష్మా’ అని రాశారు. కులం గడిలో ‘ముస్లిం’ అని రాశారు. ఆధార్ తీయించిన రోజున మాత్రం తండ్రి జనన ధ్రువపత్రం పట్టుకెళ్లి అసలు తేదీ చెప్పాడు. పేరు ‘షేక్ రేష్మా బేగం’ అని చెప్పాడు.

పదేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. 2023లో ఆమె పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంది. కౌన్సెలింగ్‌కు బీసీ-ఇ ధ్రువపత్రం కావాలన్నారు. తహసీల్దారు కార్యాలయంలో బడి రికార్డు అడిగారు. అందులో కులం ‘ముస్లిం’ అని ఉంది. తండ్రి చదువుకోలేదు, ఆయనకు బడి రికార్డే లేదు. విచారణ పూర్తయి పత్రం చేతికి వచ్చేసరికి కౌన్సెలింగ్ ముగిసింది. ఓపెన్ కేటగిరీలో ఒక ప్రైవేటు కళాశాలలో సీటు దొరికింది. అక్కడ ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు పెడితే, మెమోలోని పేరు, తేదీ ఆధార్‌తో సరిపోలడం లేదని ఆగిపోయింది. మొదటి ఏడాది ఫీజు తండ్రి అప్పు చేసి కట్టాడు.

చివరకు ఆధార్‌నే మెమోకు అనుగుణంగా మార్పించారు. ఆధార్‌లో పుట్టిన తేదీని జీవితంలో ఒక్కసారే మార్చుకోవచ్చు, పేరును రెండుసార్లు. ఆ ఒక్క అవకాశమూ తప్పు తేదీ కోసం ఖర్చయింది. బ్యాంకు ఖాతాను, రేషన్ కార్డును మళ్లీ మార్పించుకోవలసి వచ్చింది. ఇక జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించబోతే, సెప్టెంబరు 14తో ఆమెకు పదిహేనేళ్లు దాటిపోయాయి.

ఈ పదిహేనేళ్ల మాట జాగ్రత్తగా వినండి. పేరు లేకుండా జననం నమోదైతే, నమోదైన నాటి నుంచి 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ల వరకు నిబంధనలు అవకాశమిస్తాయి. ఇప్పుడు మన ఎనిమిదో తరగతి బిడ్డకు పదమూడేళ్లు ఉంటాయి. అంటే రెండేళ్ల వ్యవధి ఉంది. పదో తరగతి బిడ్డకు నెలలే మిగిలి ఉండవచ్చు. అందుచేత ఇంటికి వెళ్లగానే ధ్రువపత్రం తీసి, పేరు గడి నిండి ఉందో లేదో చూడండి. అసలు జననమే నమోదు కాని పిల్లలు కూడా కొందరుంటారు. ఏడాది దాటిన నమోదుకు మేజిస్ట్రేటు అధికారం గల అధికారి, మన దగ్గర సాధారణంగా ఆర్డీవో, ఉత్తర్వు కావాలి. అది కష్టమే గాని అసాధ్యం కాదు.

కొందరు తండ్రులు, ‘ఆధార్ ఉంది కదా సార్, అది చాలదా?’ అని అడుగుతుంటారు. ఆధార్ మనిషి గుర్తింపుకు సంబంధించినది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసు వచ్చింది. మరణించిన వ్యక్తి వయసు ఆధార్‌లో ఒక రకంగా, బడి విడిచిన ధ్రువపత్రంలో మరొక రకంగా ఉంది. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని చెప్పి, న్యాయస్థానం బడి పత్రాన్నే ఆధారం చేసుకుంది. అంటే, మనం నిర్లక్ష్యంగా వదిలేస్తున్న ఆ వరుస మనిషి పోయిన తర్వాత కూడా సాక్ష్యం చెబుతుంది.

ఇక పేరు విషయం. మన పేర్లు ఉర్దూలో ఒకే విధంగా రాస్తాం. షేక్‌కు ఉర్దూలో ఉన్నది ఒక్క రూపమే. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి దానికి నాలుగు రూపాలు పుడతాయి; ఒకచోట రెండక్షరాల పొట్టిపేరుగా కూడా మారుతుంది. మొహమ్మద్ ఒకచోట పూర్తిగా, మరొకచోట ‘ఎండీ’గా ఉంటుంది. అమ్మాయిల పేర్ల చివర బేగం, బీ, సుల్తానా ఒక కాగితంలో ఉండి మరొక కాగితంలో మాయమవుతాయి. వాడుకలో ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అక్షరం మారితే మనిషి మారినట్టే. కాబట్టి ప్రతి కుటుంబమూ ఒక రూపాన్ని నిర్ణయించుకోవాలి. జనన ధ్రువపత్రంలో పేరుంటే దానినే పట్టుకోండి. పొట్టి అక్షరాలు వద్దు, పూర్తి పేరే రాయించండి. తండ్రి పేరుతోపాటు తల్లి పేరునూ ఇలాగే సరిచూడండి. తల్లిపేరు దగ్గర మనవాళ్లు ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పి ఊరుకుంటారు.

కులం గడి గురించి కొంత వివరంగా చెప్పాలి. ముస్లిం అనేది మతం. దానికి వేరే గడి ఉంది. 2007 నాటి చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లింలలో 14 సముదాయాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజాం, లబ్బీ, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు అందులోని వారే. వ్యాజ్యం సుప్రీంకోర్టులో ఉన్నప్పటికీ 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బిలో ఉన్నారు. వారు బీసీ-ఇ అని రాయిస్తే తర్వాత చిక్కు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఈ 14లో లేవు. ఎవరు ఏ సముదాయమో తేల్చే అధికారం తహసీల్దారుది, నాది కాదు. అందుకే కుటుంబంలో ఎవరికైనా ఇప్పటికే ధ్రువపత్రం ఉంటే దాని నకలు తీసుకురండి. లేకపోతే పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే దరఖాస్తు పెట్టండి. కౌన్సెలింగ్ వారంలో పరుగెత్తితే ఏం జరుగుతుందో రేష్మా విషయంలో విన్నారు.

ఇప్పుడు మనం చేయబోయే పని. ఈ నెలాఖరులోపు ప్రతి బిడ్డ చేతికి ఒక చీటీ ఇస్తాం. ప్రవేశ పట్టికలో ఉన్న వరుస యథాతథంగా దానిపై ఉంటుంది. ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ రాసి ఇస్తాం. చదవడం రాని తల్లిదండ్రులకు తరగతి ఉపాధ్యాయులు చదివి వినిపిస్తారు. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి చూసుకోండి. అన్నీ సరిపోతే సంతకమో వేలిముద్రో వేసి పంపండి. తేడా ఉంటే ఆ చోట గీత గీసి పంపండి; సంతకం పెట్టవద్దు. శుక్రవారం జుమా తర్వాత కాకుండా, శనివారాల్లో సాయంత్రం బడి వదిలాక నేను కార్యాలయంలోనే కూర్చుంటాను. కాగితాలతో రండి.

ఒక పరిమితి ముందే చెప్పాలి. ఆ పట్టికలో కొట్టివేసి తిరగరాసే అధికారం నాకు లేదు. పుట్టిన తేదీ గాని పేరు గాని మారాలంటే ఆధారాలతో దరఖాస్తు మీరు ఇవ్వాలి. నేను విద్యాశాఖ అధికారులకు పంపాలి. ఉత్తర్వు వచ్చిన తర్వాతే మార్పు. దానికి నెలలు పట్టవచ్చు, కొన్నింటిని తిరస్కరించనూ వచ్చు. బిడ్డ బడిలో ఉండగా ఈ దారి ఇలా ఉంటుంది. మెమో అచ్చయిన తర్వాత ఇంకా ఇరుకవుతుంది. అప్పుడు పట్టికలో ఉన్నదానికి, మెమోలో పడినదానికి మధ్య తేడా ఉంటేనే సులభంగా దిద్దుతారు. పట్టికే తప్పయితే న్యాయస్థానం గడప తొక్కాల్సి రావచ్చు. అందుచేత పదో తరగతి తల్లిదండ్రులు మొదటి వారంలోనే రావాలి. నామినల్ రోల్స్ పంపేముందు మరొకసారి మిమ్మల్ని పిలిచి, చూపించి, సంతకం తీసుకుంటాను.

చివరిగా ఒక మాట. ఈ కాగితాల సంగతి విని, పత్రాలు లేని బిడ్డను బడికి పంపడం ఎందుకని ఎవరూ అనుకోవద్దు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షను చెబుతున్నది. ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రుల ప్రమాణపత్రంతో చేర్చుకోవచ్చు. మీ వీధిలో పత్రాలు లేవని ఇంట్లోనో దుకాణంలోనో ఉండిపోయిన బిడ్డ ఉంటే, రేపే వెంటబెట్టుకు రండి. ముందు తరగతిలో కూర్చోబెడదాం. కాగితాల పని ఆ తర్వాత మీరూ నేనూ కలిసి చూసుకుందాం.