డైపరు ప్యాకెట్టు ఫొటోలో సైజు ఎక్కడ ఉంటుంది?

పసిబిడ్డకు డైపర్లు కొనే పని ఈనాడు చాలా ఇళ్లలో ఇద్దరి చేతుల మీదుగా జరుగుతున్నది. ఇంట్లో ఉన్నవారు అయిపోవచ్చిన ప్యాకెట్టును ఫోనుతో ఫొటో తీసి పంపితే, బజారుకు వెళ్లినవారు దానిని దుకాణదారుకు చూపి అటువంటిదే తెస్తారు. ఈ పద్ధతిలో ఉన్న చిక్కు ఏమిటంటే, పాత ప్యాకెట్టు బిడ్డకు అప్పట్లో సరిపోయిన సైజును చెబుతుందే గాని ఇప్పటి సైజును చెప్పదు. పైగా ఫొటోలో ముందుగా కంటబడే పాప బొమ్మకూ సైజుకూ ఏ సంబంధమూ లేదు. సైజును నిర్ణయించేది పెద్ద అక్షరం పక్కనో కిందనో చిన్నగా అచ్చయిన కిలోల అంకెలు. కాబట్టి ఆ అంకెలు స్పష్టంగా పడేలా ఫొటో తీయడం, అదే రోజున బిడ్డ బరువు చూసి ఫొటోతోపాటు పంపడం అవసరం.

ఇంట్లో పెద్దలు నిలబడి చూసుకునే బరువు మిషను ఉంటే ఇందుకు చాలు. తల్లి ఒక్కతే నిలబడినప్పుడు 61.4 కిలోలు, బిడ్డను ఎత్తుకుని నిలబడినప్పుడు 69 కిలోలు చూపితే, బిడ్డ బరువు 7.6 కిలోలు అవుతుంది. మన దుకాణాల్లో దొరికే ప్యాంటు రకం డైపర్లలో ఎస్ సైజు మీద 4–8 కిలోలు అనీ, ఎమ్ మీద 7–12 కిలోలు అనీ సాధారణంగా ఉంటుంది గనుక ఈ బిడ్డ రెండు సైజుల్లోకీ వస్తుంది. కంపెనీలు పక్కపక్క సైజుల హద్దులను ఇలా ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఉంచడానికి కారణం, ఒకే బరువున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి తొడలు బొద్దుగా, మరొకరి నడుము సన్నగా ఉండడమే. అటువంటప్పుడు తేల్చవలసింది బిడ్డ ఒళ్లే: డైపరు విప్పగానే తొడల చుట్టూ, నడుము మీద ఎర్రని గీతలు పడి త్వరగా పోకపోయినా, రాత్రి వీపు వైపు నుంచి తడి బయటికి వస్తున్నా ఎస్ చిన్నదైపోయిందని అర్థం, తొడ దగ్గర ఖాళీ కనిపిస్తూ పక్కల నుంచి కారుతుంటే ఎమ్ ఇంకా పెద్దదని అర్థం. నడుము పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. ఈ గుర్తులు తెలియకుండా హద్దులో ఉన్న బిడ్డకు చౌకగా వస్తున్నదని పెద్ద కట్ట కొనడం తెలివైన పని కాదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్యాకెట్ల మీద అక్షరాలకు బదులు అంకెలు, కిలోలకు బదులు పౌండ్లు ఉంటాయి. 3 అనే అంకె కింద 16–28 పౌండ్లు అని ఉంటే, ఒక పౌండు సుమారు 0.45 కిలో గనుక, అది 7.3 నుంచి 12.7 కిలోల దాకా వస్తుంది; అంటే దాదాపు మన ఎమ్. అక్కడి 3ను మూడు నెలలనో, మూడేళ్లనో అనుకోవడానికి వీలు లేదు.

ఇలాగే ఫొటో పంపి తెప్పించే పోతపాల డబ్బా సంగతి వేరు. శిశువులకు తల్లిపాలకు బదులుగా వాడే పాలపొడుల మీద బిడ్డ బొమ్మ వేయడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. ఆరోగ్య కార్యకర్త సలహాపైనే వాడాలన్న మాట డబ్బా మీద ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. డబ్బా మీది స్టేజి అంకెను నిర్ణయించేది బరువు కాదు, వయసు: స్టేజి 1 పుట్టినప్పటి నుంచి ఆరు నెలల వరకు, స్టేజి 2 ఆరు నెలలు నిండాక. అయితే ఈ అంకెలు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో మొదటి రకం పాలపొడినే ఏడాది నిండేదాకా వాడవచ్చని అక్కడి జాతీయ ఆరోగ్య సేవ చెబుతుంది.

స్టేజి అంకె కన్నా ప్రమాదకరమైన తేడా చెంచాలో ఉంది. మన డబ్బాల్లో చాలావాటికి 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా కొలత కాగా, అమెరికా డబ్బాల్లో సాధారణంగా సుమారు 60 మిల్లీలీటర్లకు ఒక చెంచా ఉంటుంది, ఎందుకంటే ఆ చెంచా పెద్దది. ఒక డబ్బా చెంచాతో మరో డబ్బా పొడిని కొలిస్తే పాలు పలచబడి బిడ్డకు పోషణ చాలకపోవచ్చు, లేదా చిక్కబడి మూత్రపిండాలకు భారమై ఒంట్లో నీరు తగ్గవచ్చు. అందువల్ల డబ్బాను ఫొటో తీసేవారు ముందు వైపు ఒక్కటే కాక, కలిపే పట్టిక ఉన్న వెనుక వైపును, గడువు తేదీని కూడా తీయాలి; నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ, పాలు పడని బిడ్డకూ స్టేజి అంకెను చూసి డబ్బా ఎంచకుండా, పిల్లల డాక్టరు చీటీలో రాసిన పేరునే ఫొటో తీసి దుకాణానికి పంపాలి.