గంట కొట్టక ముందు ఏం జరిగింది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజినీరుని. ముప్ఫై ఏళ్లుగా కర్మాగారాల్లో శబ్దాన్నీ, యంత్రాల అదురునీ కొలిచి, ఎక్కడ తగ్గించవచ్చో చెప్పడం నా వృత్తి. అలాంటివాడు ఆటిజం గురించి మాట్లాడటమేమిటని మీకనిపించవచ్చు. మా ఆవిడ బి.ఎడ్. కాలేజీలో సమ్మిళిత విద్య పేపరు చెబుతుంది. ఆమె తన ఛాత్రోపాధ్యాయులకు ఇచ్చే ఒక అసైన్‌మెంట్‌లో శబ్దం కొలిచే పని నాకు పడింది. అందులో చూసిన ఒక పిల్లవాడి సంగతే ఇవాళ చెబుతాను. పిల్లవాడి పేరూ, బడి పేరూ చెప్పను.

వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పంతొమ్మిదో ఎక్కం దాకా తడుముకోకుండా చెబుతాడు. ఆటిజం ఉందని డాక్టర్లు రాసిచ్చారు. వాడిమీద బడిలో రెండు ఫిర్యాదులు. పాఠం మధ్యలో లేచి బయటికి పరుగెడతాడు. నోటుపుస్తకం తీయమంటే బెంచీ కిందకు దూరతాడు. టీసీ తీసుకెళ్లమని తండ్రికి చెప్పేశారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాలలో అది ఉంది, ఇలాంటి పిల్లల్ని చేర్చుకుని తగిన వెసులుబాట్లు కల్పించాలనీ ఆ చట్టం చెబుతుంది. కానీ రోజుకు మూడుసార్లు లేచిపోయే పిల్లవాణ్ణి ఏం చెయ్యాలో ఆ టీచరుకు చట్టం చెప్పదు కదా. ఆ సమయంలోనే ఒక ఛాత్రోపాధ్యాయిని ఇంటర్న్‌షిప్‌కి ఆ తరగతికి వెళ్లింది.

అసైన్‌మెంట్‌లో మొదటి మెట్టు చాలా సాదాగా ఉంటుంది. పది పనిదినాలు ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు నింపాలి. ఎన్ని గంటలకు జరిగింది, అంతకు ముందు అయిదు నిమిషాల్లో గదిలోనూ చుట్టుపక్కలా ఏం జరుగుతోంది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు. నియమం ఒకటే: కంటికి కనబడినది, చెవికి వినబడినది మాత్రమే రాయాలి. "మొండికేశాడు", "కోపం వచ్చింది" అని రాస్తే మా ఆవిడ కొట్టేస్తుంది. "బెంచీ కింద కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాడు" అని రాస్తే ఉంచుతుంది. మొదటి మాట రాసినవారికి వెతకడానికి ఇంకేమీ మిగలదు, రెండోది రాసినవారు చెవుల్లో ఏం పడిందో చూస్తారు. యంత్రం ఆగిపోయినప్పుడు మేమూ అంతే చేస్తాం. ఆగకముందు ఏం నమోదైందో చూడకుండా బోల్టు మీద చెయ్యి వేయం.

పది రోజులకు పదిహేడు నమోదులు వచ్చాయి. వాటిని టైంటేబుల్ మీద గుర్తు పెడితే పదకొండు ఒక్కచోటే పడ్డాయి, పదకొండున్నరకూ మధ్యాహ్నం గంటకూ మధ్య. ఆ గదికి ఒక పక్క వంటషెడ్డు. ఆ వేళకు అన్నం గుండిగలు సిమెంటు గచ్చు మీద ఈడుస్తారు. ఇంకో పక్క వరండాలో, వాడి కిటికీకి మూడు మీటర్ల దూరంలో, రైలుపట్టా ముక్క వేలాడుతోంది. అదే ఆ బడి గంట.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన మనకు తగిలినట్టు తగలవు. కొన్ని మరీ ఎక్కువగా తగులుతాయి, కొన్ని చాలవు. ఈ రెండూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చు. వీడు గంటకు చెవులు మూసుకుంటాడు గానీ, నడిచేటప్పుడు గరుకు గోడకు అరచెయ్యి రాసుకుంటూ పోతాడు, చొక్కా కాలరు నములుతాడు. ఇంద్రియాల ఈ తేడాను అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన అయిదో కూర్పులో ఆటిజం లక్షణాల జాబితాలోనే చేర్చింది.

గంటే కారణమని తేల్చేయబోతే ఒక చిక్కు ఎదురైంది. వాడు గంట కొట్టాక పరుగెత్తడం లేదు, కొట్టకముందే పరుగెడుతున్నాడు. కాబట్టి గంట కారణం కాదని ఆ అమ్మాయి మొదట రాసింది. ఎనిమిదో రోజు నమోదు ఆ మాటను మార్చేసింది. ఆ రోజు అటెండరు రాలేదు. గంట కొట్టలేదు, టీచరే నోటితో చెప్పి పిల్లల్ని వదిలారు. అయినా వాడు మామూలు వేళకే పరుగెత్తాడు. అంటే వాణ్ణి తరుముతున్నది మోత కాదు, మోత రాబోతోందన్న ఎదురుచూపు. గుండిగల చప్పుడు వినగానే తర్వాత ఏం వస్తుందో వాడికి తెలుసు, ఏ క్షణాన వస్తుందో తెలియదు. అలాంటప్పుడు గంటను మెత్తగా కొడితే సగం పనే అవుతుంది. అది ఎప్పుడు వస్తుందో వాడికి తెలియజెప్పడం మిగతా సగం.

రెండో మెట్టు, వారానికి ఒక్క మార్పు. అయిదు మార్పులు ఒకేరోజు చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మొదటి వారం పట్టాముక్కను వరండా అవతలి చివరకు, ఇరవై నాలుగు మీటర్ల దూరానికి మార్పించాం. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన పద్దెనిమిది తగ్గాలి. వరండా గోడలు శబ్దాన్ని తిప్పికొట్టడంతో వాడి బెంచీ దగ్గర నా మీటరులో పదమూడు తగ్గింది. పరుగులు కాస్త తగ్గాయి, ఆగలేదు. రెండో వారం గోడ గడియారం పక్కన అట్టమీద ఇంకో గడియారం బొమ్మ గీసి, గంట కొట్టే వేళకు ముళ్లు పెట్టారు. రెండు నిమిషాల ముందు పక్కబెంచీ పిల్ల వాడి బల్లమీద వేలితో తడుతుంది. వాడు చెవులకు మఫ్‌లు పెట్టుకుంటాడు, గంట అయ్యాక తీసి బల్లలో పెడతాడు. పరుగులు బాగా తగ్గింది ఆ వారమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాగా పనిచేస్తోందని వాళ్లమ్మ మఫ్‌లు రోజంతా పెట్టించింది. దాంతో పాఠం వినబడటం మానేసింది. పైగా చెవి నిశ్శబ్దానికి అలవాటు పడితే మామూలు చప్పుళ్లు కూడా ఇంకా పెద్దగా తోస్తాయి. వాటిని గంట వేళకే పరిమితం చేశారు.

మూడో మార్పు గదికి. సిమెంటు గోడలు, కడప బండలు, పైన శ్లాబు. ఖాళీగదిలో చప్పట్లు కొడితే ఆ ధ్వని పూర్తిగా అణగడానికి రెండు సెకన్లకు పైగా పట్టింది, పిల్లలు కూర్చున్నాక సుమారు ఒక సెకను. అంత చిన్న గదికి అమెరికా తరగతి గదుల ప్రమాణం 0.6 సెకను. ఒక మాట అణగకముందే ఇంకో మాట దానిమీద పడుతుంటే మామూలు పిల్లలు ఊహతో పూడ్చుకుంటారు, ఈ పిల్లవాడికి అది చాలా కష్టం. వెనక గోడమీదా, పక్క గోడల పైభాగాల్లోనూ కలిపి పన్నెండు చదరపు మీటర్ల మేర కొబ్బరిపీచు పలకలకు వదులుగా గుడ్డ తొడిగి, గోడకు రెండంగుళాల ఎడంతో బిగించాం. ధ్వని అణిగే సమయం ముప్పావు సెకనుకు వచ్చింది. చాలాచోట్ల థర్మాకోల్ షీట్లు, గుడ్ల అట్టలు అంటిస్తుంటారు. అవి మాటల ధ్వనిని పీల్చేది బహు తక్కువ. గాలి లోపలికి చొరబడే పీచులాంటి పదార్థమే ఆ పని చేస్తుంది.

పదిహేడులో మిగిలినవి ఆరు. వాటిలో నాలుగు లెక్కల పీరియడ్‌లో వాడు బెంచీ కిందకు దూరినవి. అక్కడ శబ్దం పాత్ర లేదు. బోర్డు మీది లెక్కలు నోటుపుస్తకంలోకి ఎక్కించమన్నప్పుడే అలా జరిగింది. అవే లెక్కలు కాగితం మీద రాసి ముందు పెడితే కూర్చుని చేశాడు. పైకీ కిందికీ చూస్తూ రాయడం వాడికి భారం, లెక్క కాదు. ఆటిజం అనగానే ప్రతిదీ శబ్దానికో వెలుతురుకో అంటగట్టకూడదని ఈ నాలుగూ నేర్పాయి. మిగతా రెండింటికీ కారణం దొరకలేదు. దొరకలేదనే ఆ అమ్మాయి రాసింది, మా ఆవిడ దానికి మార్కులు వేసింది.

మళ్లీ పది రోజులు రాస్తే నమోదులు అయిదుకు దిగాయి. వీధిలో మైకు మోగిన రోజు, చెప్పకుండా అధికారులు తనిఖీకి వచ్చిన రోజు వాటిలో ఉన్నాయి. టీసీ మాట మళ్లీ రాలేదు.

కానీ ఇంటర్న్‌షిప్ అయిపోయి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. తెలిసినదంతా ఆమె తలలో ఉంది. తర్వాతి సోమవారం వేరే టీచరు వచ్చి, ఆటవస్తువులనుకుని మఫ్‌లు తీసి బీరువాలో పెట్టారు. ఆ రోజు పిల్లవాడు గేటు దాటి రోడ్డెక్కాడు. అదృష్టవశాత్తూ కిళ్లీకొట్టు ఆయన పట్టుకున్నాడు. అప్పటినుంచి అసైన్‌మెంట్‌లో చివరి మెట్టొకటి చేరింది. ఒకే పేజీ, హాజరుపట్టీ అట్టలోపల అంటించాలి. పిల్లవాణ్ణి ఏది బాధిస్తుంది, రాబోతోందని ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు. చేయకూడనివాటిలో మొదటిది: పరుగు మొదలయ్యాక చెయ్యి పట్టి లాగవద్దు, ప్రశ్నలు అడగవద్దు. కావాలనే పేచీ పెట్టే పిల్లవాడు సాధారణంగా మనం చూస్తున్నామా లేదా అని చూస్తాడు, అడిగింది ఇస్తే ఆగుతాడు. తట్టుకోలేక కూలిపోయిన పిల్లవాడు ఏమిచ్చినా ఆగలేడు. వాడికి కావలసింది చప్పుడు లేని చోటు, కాసేపు సమయం. కుదుటపడ్డాక తిరిగొచ్చి వదిలేసిన పనే చేస్తాడు. ఆ చోటును శిక్షగా వాడకూడదు, పని తప్పించుకునే దారి కానివ్వకూడదు.

బి.ఎడ్. 2015 నుంచి రెండేళ్లయింది, సమ్మిళిత విద్య అందులో ఒక పేపరు. ఆటిజం నిర్వచనం పరీక్షలో అందరూ రాస్తున్నారు. నాలుగు గళ్ల పుస్తకం పది రోజులు నింపినవారు ఎందరో నేను చెప్పలేను గానీ, నింపిన వారికీ నింపని వారికీ తరగతిలో తేడా నేను చూశాను.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో రెండు గదులు కట్టబోతోంది. ప్లాను నా దగ్గరే ఉంది. నా వినతులు మూడు. ఒక్కో గదిలో పన్నెండు చదరపు మీటర్ల పీచు పలకలు అంచనాలో చేర్చండి, బిగించే పని నేను చూసుకుంటాను. గంటను కొత్త గదుల కిటికీలకు దూరంగా వేలాడదీయండి. జూన్‌లో బడి తెరిచే వారం మన మండల భవిత కేంద్రం రిసోర్సు టీచరును పిలిచి, మన ఉపాధ్యాయులతో ఒక పూట కూర్చోబెట్టండి. ఆ రోజుకు నాలుగు గళ్ల పుస్తకాలు ఇరవై నేను కుట్టించి తెస్తాను.

సెలవు.