పద్ధతుల భాగంలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పరిశోధన పత్రంలో పద్ధతుల భాగాన్ని కుదించమంటే చాలామంది అంకెలు తీసేసి మాటలు ఉంచేస్తారు. చేయాల్సింది దానికి తలకిందులు.

ఒక చిత్తుప్రతిలో ఇలా ఉందనుకోండి: “ఎండిన వేపాకులను మెత్తగా పొడి చేసి, ఆ పొడిని తగినంత మెథనాల్‌లో రాత్రంతా నానబెట్టి, ఆ తరువాత 10,000 ఆర్‌పీఎం వద్ద సెంట్రిఫ్యూజ్ చేయడం జరిగింది.” ‘తగినంత’ అంటే ఎంత? ‘రాత్రంతా’ అంటే ఎనిమిది గంటలా, పదహారా? ఆర్‌పీఎం అంకె ఉన్నా అది చాలదు. రోటర్ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే ఆ వేగానికి బలం సుమారు 11,200 జీ. 7 సెంటీమీటర్లయితే దాదాపు 7,800 జీ మాత్రమే. యంత్రం మారితే అడుగున దిగే మడ్డి మారిపోతుంది.

దిద్దాక ఇలా ఉండాలి: “10 గ్రాముల వేపాకు పొడిని 100 మిల్లీలీటర్ల 80 శాతం మెథనాల్‌లో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 గంటలు నానబెట్టి, 11,200 జీ వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేశాం.” వాక్యం పెద్దగా పెరగలేదు, సందేహాలు తీరాయి.

అందరికీ తెలిసిన పద్ధతైతే మూలపత్రాన్ని ఉదహరించి, మీరు చేసిన మార్పు మాత్రం రాయండి. పంపేముందు, ఆ ప్రయోగం చేయని సహచరుడితో ఒకసారి చదివించండి. అతను అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు పత్రంలోనే ఉండాలి.