సీసా అడుగున మచ్చ, పక్కన గీత

మస్కట్ మత్రా సూక్‌లో మా సైటు కుర్రాడు ఇంటికి పంపడానికి నీలం గాజు ఫ్లవర్ వేజ్ ఒకటి చూశాడు. చేత్తో ఊదిందట, పన్నెండు రియాల్స్. వాడి జీతానికి అది చిన్న డబ్బు కాదు, అందుకే నన్ను చూడమన్నాడు.

ముందు గోటితో పక్కన తడిమాను. కాలమ్ షట్టరింగ్ విప్పాక ప్లేట్లు కలిసిన చోట కాంక్రీటు మీద గీత మిగులుతుంది కదా, గాజు అచ్చుకీ అంతే. గీత మెడ దగ్గరే ఆగిపోతే అచ్చులో ఊది, మూతి చేత్తో సరిచేశారని లెక్క. దీనికి మూతి అంచు మీదుగా కూడా పోయింది. అంటే మెషీన్ సరుకే. గీత లేనంత మాత్రాన చేతిపని అనుకోకండి, అచ్చులో తిప్పుతూ ఊదితే గీత చెరిగిపోతుంది.

తర్వాత అడుగు. మూతి చేసేటప్పుడు అడుగున ఇనప కడ్డీని వేడి గాజు ముద్దతో అంటించి, చివర్లో టక్కున విరగ్గొడతారు. ఆ గరుకు మచ్చే పాంటిల్ మార్కు. కొందరు దాన్ని అరగదీస్తారు, అప్పుడు నున్నటి గుంట కనబడుతుంది. దీనికి అడుగున గుండ్రటి రింగు ఉంది, కానీ అచ్చు గీత ఆ రింగు మీదుగానే పోతోంది! రింగూ అచ్చులోదే.

షాపతను బుడగలు చూపించాడు. బుడగలు అచ్చు గాజులోనూ ఉంటాయి, కావాలనీ పెడతారు. ఊదిన గాజులో మెడ దగ్గర అవి సాగి పొడుగ్గా ఉండటం ఎక్కువ. ఇక్కడ పైనుంచి కిందిదాకా అన్నీ గుండ్రమే.

బేరం మూడు రియాల్స్‌కి దిగింది. రంగు నచ్చిందని కొనేశాడు.