తెలుగు రాకపోతే తెలివి లేనట్టేనా?



మేము సాయంకాలం చదువు చెప్పే చోటికి నాలుగో తరగతి బాలిక ఒకతె వచ్చేది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. పరీక్షలో మాటల లెక్కలన్నీ వదిలివేసినందున ఆమెను వెనుకబడినవారిలో చేర్చారు. డజను అరటిపండ్లు 60 రూపాయలైతే 7 పండ్ల వెల ఎంతని ఉర్దూలో అడిగాము. కాగితం ముట్టకుండానే 35 అన్నది. కొరవడినది తెలుగే గాని తెలివి కాదు. కనుక ప్రతిభను వెదకేవారు మార్కుల జాబితాతో ఆగక, అదే ప్రశ్నను ఇంటి భాషలో నోటితో అడిగి చూడాలి.

గుర్తించిన పిదప ఏమి చేయాలి? పై తరగతికి పూర్తిగా దాటిస్తే తెలుగు పాఠాల భారం పెరుగుతుంది. అందుచేత లెక్కల పీరియడుకు మాత్రమే ఐదో తరగతిలో కూర్చోబెట్టమని కోరాము. రెండు తరగతుల లెక్కలు ఒకే వేళకు లేనందున అది కుదరలేదు.

అప్పుడు ఉపాధ్యాయురాలు వేరొక మార్గం చూపారు. పాఠం చివరనున్న కఠినమైన 5 లెక్కలు ముందే ఇచ్చేవారు. ఈమెకు వాటిని ఉర్దూలో చదివి వినిపించేవారు. 4 సరిగా చేసినవారెవరైనా తక్కిన అభ్యాసం మానవచ్చు. ఆ వేళలో, 1 నుండి 100 వరకు అంకెలను వరుసగా కూడకుండానే మొత్తం తెలుసుకోవడం వంటి లోతైన పని ఇచ్చేవారు. అదే రకం లెక్కలు మరో 20 ఇస్తే అది చురుకుదనానికి శిక్షే అవుతుంది.

ఇందుకు ఖర్చేమీ లేదు. అయితే ఇది బిడ్డను ముందు తరగతికి చేర్చదు. కాబట్టి వచ్చే ఏటి టైంటేబిలులో రెండు తరగతుల లెక్కలూ ఒకే పీరియడులో ఉంచమని బడి యాజమాన్య కమిటీలో మనమే అడగాలి.